పువ్వు చెప్పేదాకా ఆగండి

బొప్పాయి మొలవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. తిని పారేసిన గింజలు బెంగళూరు కె.ఆర్.పురంలో కాంపౌండు గోడ వారన, సంపు మూత పక్కన, ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న ఖాళీ సైట్లలో వాటంతట అవే లేస్తాయి. ఏడాది తిరిగేలోగా మనిషి ఎత్తుకు వస్తాయి. చిక్కంతా ఆ తర్వాతే. ఒకరింట్లో చెట్టు మెడ చుట్టూ కాయలు దిగుతాయి. పక్కింట్లో అదే వయసు చెట్టుకి సన్నని పూల గుత్తులు జానెడు, మూరెడు పొడుగున వేలాడతాయి గానీ ఒక్క పిందె కనబడదు. నీళ్ళు చాల్లేదని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు, ఎరువు వేయమని ఒకరు, తలా ఒక మాట చెబుతారు. ఆ చెట్టుకి జబ్బూ లేదు, ఆకలీ లేదు. అది మగ చెట్టు, అంతే.

బొప్పాయి మగదో ఆడదో గింజలోనే తేలిపోతుంది. కానీ పువ్వు వచ్చేదాకా అది బయటికి కనబడదు. ఈ రెండింటికీ మధ్య ఏడెనిమిది నెలలు గడుస్తాయి. పెరట్లో ఒకే ఒక్క గుంత ఉన్నవాళ్ళు ఆ నెలల్ని ఎలా నడపాలన్నదే ఈ అధ్యాయం. గింజ ఎంచుకునేటప్పుడే మగ మొక్కల బెడద తగ్గించుకోవచ్చు. మిగిలిన అనుమానానికి గుంతలో ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టుకోవచ్చు. పువ్వు రాగానే అక్కర్లేనివి తీసేసి, ఉంచుకున్నది ఎప్పుడు కాస్తుందో లెక్క వేసుకోవచ్చు.

గింజ ఏ కాయలోది?

బొప్పాయిలో చెట్లు మూడు రకాలు. మగ చెట్టు, ఆడ చెట్టు, ఒకే పువ్వులో ఆడ మగ భాగాలు రెండూ ఉన్న ఉభయలింగ చెట్టు. వీటిలో ఏ రెండు కలిస్తే ఎలాంటి పిల్లలు పుడతాయో 1938లో హవాయిలో స్టోరీ, దక్షిణాఫ్రికాలో హాఫ్‌మెయర్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు విడివిడిగా తేల్చారు. తోటమాలికి కావలసింది వాళ్ళ లెక్కలో మూడు ముక్కలే.

ఆడ చెట్టు పువ్వుకి మగ చెట్టు పుప్పొడి తగిలితే వచ్చే గింజల్లో సుమారు సగం మగవి, సగం ఆడవి. ఉభయలింగ చెట్టు తన పుప్పొడితో తానే కాస్తే, మూడింట రెండు వంతులు ఉభయలింగ మొక్కలు, ఒక వంతు ఆడ మొక్కలు వస్తాయి. మగ మొక్క ఒక్కటీ రాదు. ఆడ చెట్టుకి ఉభయలింగ చెట్టు పుప్పొడి తగిలితే సగం ఆడవి, సగం ఉభయలింగ మొక్కలు. ఇందులోనూ మగది ఉండదు. అంటే మగ మొక్క పుట్టాలంటే ఎక్కడో ఒక మగ చెట్టు పుప్పొడి కలవాలి.

ఇది తెలిస్తే సంతలో కాయని చూసే చూపు మారుతుంది. గుండ్రంగా, లోపల గుల్ల పెద్దగా ఉన్న కాయ ఆడ చెట్టుది. పొడుగ్గా, సోరకాయలాగానో పియర్ పండులాగానో ఉండి, కండ మందంగా ఉన్న కాయ ఉభయలింగ చెట్టుది. పండ్ల బండి మీద ఎక్కువగా కనబడే ఎర్ర కండ పొడుగు కాయలు, రెడ్ లేడీ లాంటి తైవాన్ రకాలవి. ఆ తోటల్లో మగ చెట్లే ఉండవు కాబట్టి ఆ గింజల్లో మగ మొక్క రావడం చాలా అరుదు. అయితే ఒక మెలిక ఉంది. రెడ్ లేడీ హైబ్రిడ్. దాని పండులోని గింజ వేస్తే కాయ రావడం వస్తుంది గానీ, అదే తీపి, అదే సైజు వస్తుందన్న హామీ లేదు.

హైబ్రిడ్ కాని మంచి గింజ కావాలంటే బెంగళూరు వాళ్ళకి దూరం వెళ్ళే పని లేదు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ‘సూర్య’, ‘అర్క ప్రభాత్’ రెండూ ఆడ, ఉభయలింగ మొక్కలు మాత్రమే ఇచ్చే రకాలు. కొడగు జిల్లా చెట్టళ్ళిలో ఎంపిక చేసిన ‘కూర్గ్ హనీ డ్యూ’ కూడా ఆ కోవలోదే. అదే ‘వాషింగ్టన్’, కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ‘కో-2’, పొట్టిగా పెరిగే ‘పూసా నన్హా’ రకాలైతే మగ, ఆడ మొక్కలు సగం సగం వస్తాయి. ఊరి నుంచి చుట్టాలు తెచ్చిన గుండ్రటి నాటు కాయ గింజల్నీ ఈ రెండో జాబితాలోనే వేసుకోండి.

గింజ శుద్ధి, నారు

పండులో నల్లగా, గట్టిగా, నిండుగా ఉన్న గింజలే తీసుకోండి. తెల్లగా, బూడిద రంగులో మెత్తగా ఉన్నవి ముదరనివి. వాటిని తీసి పారేయండి. గింజ చుట్టూ జారుడుగా ఒక జిగురు సంచి ఉంటుంది. పండు లోపలే గింజ మొలకెత్తకుండా ఆపేది అదే. అది ఉండగా నాటితే కొన్ని మొలవవు, కొన్ని నెల దాటాక మొలుస్తాయి, ఎక్కువ భాగం కుళ్ళుతాయి. గింజల్ని పొడి బూడిదలోనో ఇసుకలోనో వేసి అరచేతుల మధ్య రుద్దితే ఆ సంచి పగిలి ఊడుతుంది. జల్లెడలో వేసి కడిగి, నీళ్ళలో పోయండి. తేలినవి తీసేసి మునిగినవి ఉంచుకోండి. నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, వెంటనే నాటుకుంటే మేలు. బొప్పాయి గింజ దాచిన కొద్దీ మొలక శక్తి తగ్గిపోతుంది.

నాటే ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి, అడుగున చిల్లులున్న నర్సరీ కవర్లలో నింపి, ఒక్కో కవరులో రెండు మూడు గింజలు సెంటీమీటరు లోతున పెట్టండి. వేళ్ళు కదిలితే బొప్పాయి ఓర్చుకోదు. అందుకే ట్రేలో చల్లి, పీకి, మార్చి నాటే పద్ధతి వద్దు.

కాలం ముఖ్యం. మట్టి వెచ్చగా ఉండే మార్చి, ఏప్రిల్‌లో రెండు మూడు వారాల్లో మొలకలు లేస్తాయి. డిసెంబరు, జనవరిలో బెంగళూరు రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగినప్పుడు అవే గింజలు నెల దాటినా నిద్ర లేవవు. మొలవని గింజకి రోజూ నీళ్ళు పోసి కుళ్ళబెట్టే కన్నా ఎండలు ముదిరేదాకా ఆగడం నయం.

మొలకలు లేచాక వచ్చే పెద్ద గండం నారుకుళ్ళు తెగులు. మట్టి దగ్గర కాండం నీరు పట్టినట్టు మెత్తబడి, పొద్దున నిలబడ్డ మొక్క సాయంత్రానికి పడిపోతుంది. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి. ఇది నీళ్ళు ఎక్కువైనందుకు వచ్చేది. పైమట్టి ఆరాకే మళ్ళీ నీళ్ళు పోయండి. ఒకటి రెండు మొక్కలు పడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మిగతా కవర్లలో మట్టి తడిసేలా పోయండి. కవరుకి ఒక్క బలమైన మొక్క ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించేయండి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. తల్లివేరు నిటారుగా దిగితే మగదని, రెండుగా చీలితే ఆడదని, ఆకు చీలికలు లోతుగా ఉంటే మగదని, నల్ల గింజ ఒకటి, గోధుమ రంగు గింజ ఇంకొకటి అని రకరకాలుగా చెప్పుకుంటారు. వీటిలో ఏదీ నమ్మదగింది కాదు. ప్రయోగశాలలో డీఎన్ఏ పరీక్షతో చిన్న మొక్కలోనే తేల్చవచ్చు గానీ అది పెరటి పని కాదు. నారు దశలో తీసేయాల్సింది బక్క మొక్కని. మగ మొక్కని వెతకొద్దు.

గుంతకి ఎన్ని?

రెండు నెలలకు జానెడు ఎత్తు మొక్కలు నాటడానికి తయారవుతాయి. 30×40 సైటులో ఇల్లు కట్టాక మిగిలే మూడడుగుల సందులో ఒక్క గుంతకి చోటు దొరికితే గొప్ప. ఆ ఒక్క చోటు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఎండ. రోజుకి కనీసం ఆరు గంటలు ఎండ పడని చోట బొప్పాయి వెలుతురు కోసం సన్నగా సాగుతుంది. పువ్వు ఆలస్యంగా వస్తుంది, వచ్చింది రాలుతుంది. పక్క మూడంతస్తుల ఇంటి నీడ ఏ నెలలో ఎటు పడుతుందో ముందే గమనించండి.

గుంత రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. కొత్త లేఅవుట్లలో పైన ఎర్రమట్టి కనబడుతుంది గానీ అడుగున సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు ఉంటాయి. అవన్నీ ఏరేయాలి. పైమట్టిలో రెండు గంపల చివికిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి కలిపి నింపి, మొక్క నిలబడే చోటు నేల కన్నా జానెడు ఎత్తుగా మట్టి పోయండి. బెంగళూరులో వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే జోరుగా పడతాయి. బొప్పాయి మొదట్లో ఒకటి రెండు రోజులు నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళి చెట్టు నిలువునా పోతుంది.

ఇప్పుడు లెక్క. మగ, ఆడ సగం సగం వచ్చే రకమైతే ఒకే మొక్క నాటినప్పుడు అది మగదయ్యే అవకాశం రెండింట ఒకటి. రెండు నాటితే రెండూ మగవయ్యే అవకాశం నాలుగింట ఒకటి. మూడు నాటితే ఎనిమిదింట ఒకటి. అందుకే ఈ రకాలకి గుంతలో మూడు మొక్కలు, ముక్కోణంలా, ఒకదానికొకటి జానెడు దూరంలో నాటతారు. నాలుగోది పెడితే లాభం కొంచెమే, తిండికి పోటీ ఎక్కువ. సూర్య, అర్క ప్రభాత్ లాంటివైతే మగది వచ్చే ప్రశ్నే లేదు. రెండు మొక్కలు చాలు. ఉభయలింగ మొక్క ఒకటైనా ఉండే అవకాశం తొమ్మిదింట ఎనిమిది.

పువ్వు చూడటం

నాటిన నాలుగు నుంచి ఆరు నెలల్లో మొదటి మొగ్గలు వస్తాయి. తరచుగా మగ మొక్కే ముందు పూస్తుంది. మొగ్గలు ఆకు కాడ కాండాన్ని అంటుకునే చంకలో పుడతాయి. అక్కడ ఏం జరుగుతుందో వారానికోసారి చూస్తూ ఉండండి.

మగ మొక్క అయితే ఆ చంక నుంచి పొడుగాటి కాడ ఒకటి బయటికి సాగి, కొమ్మలు వేసి, చివర చిన్న చిన్న మొగ్గల గుత్తి కడుతుంది. పువ్వు సన్నటి గొట్టం. ఆడ మొక్క అయితే కాడ దాదాపు కనబడదు. మొగ్గ ఒంటరిగానో, రెండు మూడు కలిసో కాండానికి అతుక్కున్నట్టు ఉంటుంది. అడుగున లావుగా, కొస సన్నగా ఉంటుంది. రేకులు అయిదూ అడుగుదాకా విడివిడిగా ఉంటాయి. ఉభయలింగ మొగ్గ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. కాడ పొట్టిగానే ఉంటుంది గానీ మొగ్గ సన్నగా, నిలువుగా ఉండి, రేకులు కింద సగం దాకా గొట్టంలా అతికి ఉంటాయి.

చూపుతో తేలకపోతే ఒక ముదురు మొగ్గని తుంచి గోటితో నిలువునా చీల్చండి. లోపల లావుపాటి గుండ్రటి పిందె నిండా ఉండి, దాని నెత్తి మీద కుచ్చులా అయిదు కొసలు ఉండి, పసుపు పుప్పొడి తిత్తులు ఎక్కడా లేకపోతే ఆడది. పిందె సన్నగా పొడుగ్గా ఉండి చుట్టూ పసుపు తిత్తులు ఉంటే ఉభయలింగం. పసుపు తిత్తులు మాత్రమే ఉండి, పిందె ఉండాల్సిన చోట సూదిమొన లాంటి పోగు మాత్రమే ఉంటే మగది. ఒక్క మొగ్గ చూసి తీర్పు చెప్పొద్దు. మొదటి మొగ్గలు ఒక్కోసారి అరకొరగా వస్తాయి. వారం పది రోజుల తేడాతో రెండు మూడు చూడండి.

మా వీధి చివర అద్దెకుండే మదనపల్లె వాళ్ళింట్లో జరిగింది ఇక్కడ పనికొస్తుంది. ఊరి నుంచి తెచ్చిన గుండ్రటి కాయ గింజలు మార్చిలో వేశారు. మే చివర ఒకే గుంతలో మూడు మొక్కలు నాటారు. సెప్టెంబరులో అన్నిటికన్నా ఏపుగా ఉన్న మొక్కకి పూల కాడలు సాగాయి. ఆ ఇంటావిడ మురిసిపోయి మిగతా రెండూ తీసేద్దామనుకుంది. నేను వెళ్ళేసరికి కత్తి చేతిలోనే ఉంది.

“అక్కా, పూసింది కదా అని దీన్ని ఉంచుకునేరు. ఇది మగది.”

“మరి ఆ రెండూ పుయ్యనే లేదు కదమ్మా?”

“ఇంకో మూడు వారాలు చూడండక్కా.”

అక్టోబరులో మిగతా రెంటికీ కాండానికి అంటుకుని లావు మొగ్గలు వచ్చాయి. రెండూ ఆడవే. అప్పుడు మగదాన్ని, రెండు ఆడవాటిలో వంగినదాన్ని తీసేశారు. కత్తి ముందుగా పడి ఉంటే ఆ గుంతలో ఒక్క మగ చెట్టే మిగిలేది.

తీసేయడం, దాంతోపాటు మేకు కథ

అక్కర్లేని మొక్కని పీకొద్దు. ఒకే గుంతలో పెరిగినవాటి వేళ్ళు అల్లుకుని ఉంటాయి. ఒకటి లాగితే రెండోదాని వేళ్ళు తెగుతాయి. నేల మట్టానికి కోసేయండి. కాండం మెత్తన కాబట్టి వంటింటి కత్తి చాలు. కారే పాలు చర్మానికి, కంటికి మంట పుట్టిస్తాయి, చేతికి కవరు తొడుక్కోండి. మొదలు దానంతటదే కుళ్ళి మట్టిలో కలుస్తుంది. బలమైన ఎరువు వేయడం ఈ తర్వాతే మొదలుపెట్టాలి. ముందే వేస్తే కోసి పారేసేవాటికి కూడా తినిపించినట్టు.

మగ చెట్టుకి మేకు కొడితేనో, తల నరికితేనో, కాండంలో గాజు ముక్క దూర్చితేనో ఆడదవుతుందని చెప్పేవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. “మా అత్తగారింట్లో అలాగే కాసింది” అని సాక్ష్యం కూడా ఇస్తారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కారణం మాత్రం మేకు కాదు. కొన్ని మగ చెట్లు చల్లటి కాలంలో గుత్తి కొసన కొన్ని ఉభయలింగ పూలు పూస్తాయి. వాటిలో ఒకటి రెండు నిలిచి, పొడుగాటి కాడకి చిన్న కాయలు వేలాడతాయి. మేకు కొట్టినా కొట్టకపోయినా ఆ చెట్టు ఆ చలికాలంలో అలాగే చేసేది, ఎండలు వస్తే మళ్ళీ మానేసేది. ఆ కాయలు చప్పగా, కండ తక్కువగా ఉంటాయి. వాటి కోసం ఉన్న ఒక్క గుంతని మగ చెట్టుకి ఇవ్వొద్దు.

ఆడ చెట్టు ఒంటరిదైతే

పెద్ద తోటల్లో పది ఆడ చెట్లకి ఒక మగ చెట్టు చొప్పున ఉంచుతారు. పెరట్లో ఒక్కటే ఆడ చెట్టు ఉంటే దానికి పుప్పొడి ఎక్కడిది? కె.ఆర్.పురం లాంటి చోట సాధారణంగా వీధి నుంచే వస్తుంది. చీకటి పడ్డాక తిరిగే చిమ్మటలు, గాలి ఆ పని చేస్తాయి. చుట్టుపక్కల నాలుగైదు ఇళ్ళలో మగ చెట్టో ఉభయలింగ చెట్టో ఉంటే మీ ఆడ చెట్టు కాస్తుంది. లేకపోతే పూలు పసుపు రంగుకి తిరిగి రాలతాయి, లేదా గింజల్లేని చిన్న కాయలు నిలుస్తాయి. అవి తినడానికి పనికొస్తాయి గానీ కాపు పల్చగా ఉంటుంది.

మదనపల్లె అక్క చెట్టుకి అదే జరిగింది. మొదటి పూలన్నీ రాలాయి. వాళ్ళ మగ మొక్క పోయింది, చుట్టూ ఉన్న ఇళ్ళలో ఇంకో చెట్టు లేదు. వెనక వీధిలో ఒక పొడుగు కాయల చెట్టు పూసి ఉంది. ఆ ఇంటి కన్నడం వాళ్ళని “పరంగి హూవు” అని అడిగితే నవ్వి పొద్దున్నే నాలుగు పూలు ఇచ్చారు. అప్పుడే విచ్చిన ఆ పూల రేకులు తుంచేసి, పసుపు తిత్తుల్ని ఆడ పువ్వు నెత్తి మీది కుచ్చుకి మెల్లగా రుద్దాం. మొహం విప్పిన ఆడ పువ్వులు మూడింటికే చేసి, వాటి కాడలకి ఎర్ర దారం కట్టాం. రెండు వారాలు తిరిగేసరికి దారం కట్టినవాటిలో రెండు ఆకుపచ్చగా ఉబ్బాయి. కట్టనివి ముట్టుకుంటే రాలిపోయాయి. దారం ఉన్నది నిలిచి లేనిది రాలితే కొరత పుప్పొడిదే. రెండూ రాలితే కారణం ఇంకెక్కడో ఉంది.

కాయ ఎప్పుడు?

బొప్పాయి కాపుని ఆకులతో లెక్కపెట్టవచ్చు. పూత మొదలయ్యాక పైన వచ్చే ప్రతి కొత్త ఆకు చంకలో పువ్వుకి చోటుంటుంది. కొత్త ఆకు రాకపోతే కొత్త కాయకి చోటు లేదు. అందుకే చెట్టు కాస్తుందా లేదా అనే ప్రశ్నకి జవాబు కాండం కొసన ఉంటుంది. అక్కడ లేత ఆకులు వరసగా వస్తుంటే, కాండం మొదలు లావెక్కుతుంటే చెట్టు తయారవుతోంది.

మార్చి మొదట గింజ వేశారనుకోండి. నెలాఖరుకి మొలకలు. మే చివర, తొలి వానలకి నాటడం. సెప్టెంబరు, అక్టోబరుల్లో పువ్వు. పువ్వు విచ్చాక పండు కావడానికి వెచ్చటి కాలంలో సుమారు నాలుగున్నర, అయిదు నెలలు పడుతుంది. బెంగళూరు చలికాలం మధ్యలో వస్తే అయిదున్నర, ఆరు నెలలు. అంటే అక్టోబరు పువ్వు మార్చి, ఏప్రిల్‌లో పండుతుంది. గింజ నుంచి పండు దాకా సుమారు 13 నెలలు. విజయవాడలోనో తిరుపతిలోనో చుట్టాలు “మాకు పది నెలలకే వచ్చింది” అంటే కంగారు పడొద్దు. వాళ్ళకి ఎండ ఎక్కువ, మనకి చల్లదనం ఎక్కువ. కాపు వెనకబడేది అందుకే.

ఉభయలింగ చెట్టు ఉంచుకున్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆడ చెట్టు ఏ కాలంలోనైనా ఆడదే. ఉభయలింగ చెట్టు మాత్రం వాతావరణానికి ఊగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 34, 35 దాటి, నీళ్ళు కూడా తక్కువైతే పూలలో పిందె సన్నబడి మగ పూలలా మారి రాలతాయి. కాండం మీద కాయల మధ్య ఖాళీ మిగులుతుంది. చలి కాలంలో దీనికి విరుద్ధంగా కేసరాలు పిందెకి అతుక్కుపోయి, కాయ మడతలు పడి, వంకరగా, పిల్లి మొహంలా తయారవుతుంది. ఆ వంకర కాయల్ని చిన్నప్పుడే తుంచేయండి, మంచివాటికి చోటు దొరుకుతుంది. ఈ రెండూ జబ్బులు కావు. వేసవిలో వారానికి రెండు మూడుసార్లు నిండుగా నీళ్ళు, మొదట్లో ఎండుటాకుల కప్పు ఉంటే ఖాళీలు తగ్గుతాయి. వాన పడగానే పూలు సర్దుకుంటాయి.

జబ్బయితే గుర్తులు వేరు. లేత ఆకులు పచ్చ, పసుపు మచ్చలతో ముడుచుకుని, ఆకు కాడల మీద నూనె రాసినట్టు ముదురు గీతలు, కాయ మీద ఉంగరాలు కనబడితే అది ఉంగరపు మచ్చ వైరస్. పేనుబంక మోసుకొస్తుంది. మందు లేదు. నీళ్ళు, ఎరువు, ఓపిక ఏవీ దాన్ని వెనక్కి తేలేవు. పువ్వు రాకముందే సోకితే ఆ చెట్టు నుంచి చెప్పుకోదగ్గ కాపు ఉండదు. కోసేసి, వేళ్ళతో సహా తీసి, కొత్త నారు మొదలుపెట్టడం మంచిది. బొప్పాయి పక్కనే బీర, దోస పాదులు పెట్టకపోవడం కూడా మంచి అలవాటు.

కోత, వచ్చే ఏటి గింజ

కాయ కొస దగ్గర గట్ల మధ్య ఒక పసుపు చార కనబడినప్పుడు కోయండి. గోరుతో గీరితే చిక్కటి పాలకి బదులు నీళ్ళ లాంటి పాలు కారాలి. ఇంట్లో నాలుగైదు రోజుల్లో పండుతుంది. చెట్టు మీదే పూర్తిగా పండేదాకా ఉంచితే ఉడతలదీ, పక్షులదీ మొదటి వాటా.

గింజ దాచుకోవాలనుకుంటే కాయ దిగాక ఆలోచిస్తే ఆలస్యం. నచ్చిన ఉభయలింగ చెట్టు మీద, విచ్చడానికి ఒకటి రెండు రోజుల ముందున్న మొగ్గకి చిన్న కాగితపు సంచి తొడిగి, దారంతో కట్టండి. పువ్వు లోపలే తన పుప్పొడితో కడుతుంది, బయట ఏ మగ చెట్టు పుప్పొడీ చేరదు. పిందె ఉబ్బాక సంచి తీసేసి, గుర్తుగా దారం ఉంచండి. ఆ కాయ గింజల్లో మగ మొక్క రాదు. అప్పుడు గుంతలో మూడు కాదు, రెండు మొక్కలే నాటండి. వచ్చే ఏడాది కత్తికి పని, ఎక్కువైన ఆ ఒక్క మొక్కని తీసేయడమే.